ర్యాలీకీ ర్యాలీకీ మధ్య గుండె

బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో ఒక ర్యాలీ సగటున ఆరు నుంచి పది సెకన్లలో ముగిసిపోతుంది. షటిల్ అందుకుని, చెమట తుడుచుకుని, మళ్లీ సర్వీసుకు నిలబడేసరికి మరో పదిహేను, ఇరవై సెకన్లు గడుస్తాయి. మ్యాచ్ సమయంలో ఎక్కువ భాగం షటిల్ గాలిలోనే ఉండదన్నమాట. అయినా పోటీ మ్యాచుల్లో సింగిల్స్ క్రీడాకారుల గుండె వేగాన్ని కొలిచినప్పుడు, సగటు వారి గరిష్ఠ వేగంలో 90 శాతం దరిదాపుల్లో కనిపిస్తుంది. సగానికి పైగా సమయం నిలబడీ నడిచీ గడిపే ఆటలో గుండె అంతగా ఎందుకు కొట్టుకుంటుందో తెలిస్తే, ఆట అయ్యాక వాచీ చూపించే గీతను చదవడం సులువవుతుంది.

కారణం కండరంలో ఉంది. నెట్ దగ్గరికి దూకడానికీ, ఎగిరి స్మాష్ కొట్టడానికీ కావలసిన శక్తిలో పెద్ద భాగం కండరంలో ముందే నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ నుంచి వస్తుంది. దాన్ని వాడుకోవడానికి ఆక్సిజన్ అక్కర్లేదు. అయితే ఆ నిల్వ కొద్ది సెకన్ల గట్టి కదలికకే సరిపోతుంది. ఖర్చయినదాన్ని తిరిగి నింపాలంటే మాత్రం ఆక్సిజన్ కావాలి, ఆ పని ర్యాలీ ముగిశాకే జోరందుకుంటుంది. సగం నిండడానికే సుమారు అర నిమిషం పడుతుంది. ఆలోపే తర్వాతి సర్వీసు వచ్చేస్తుంది. పాత అప్పు తీరకముందే కొత్త అప్పు పడినట్టు ఒక్కో ర్యాలీ బాకీ మిగుల్చుతూ పోతుంది. ఆటగాడు కదలకుండా నిలబడి ఉన్నా గుండె ఆ బాకీ తీర్చే పనిలోనే ఉంటుంది. రక్తంలోకి అప్పటికే చేరిన అడ్రినలిన్ కూడా వేగాన్ని వెంటనే తగ్గనివ్వదు.

అందుకే సింగిల్స్ మ్యాచ్ గీతలో ర్యాలీకో శిఖరం, విరామానికో లోయ కనిపించవు. మొదటి కొద్ది నిమిషాల్లో గీత నిటారుగా ఎక్కి, ఆ తర్వాత చిన్న చిన్న అలలతో ఎత్తైన పీఠభూమిలా సాగుతుంది. గుండె ఎప్పుడూ ఆట వెనకే నడుస్తుంది. ఆరు సెకన్ల ర్యాలీలో ఎంత గట్టిగా ఆడినా దాని ప్రభావం పూర్తిగా కనిపించేది ర్యాలీ అయిపోయాకే. 2017లో గ్లాస్గోలో పి.వి. సింధు, నొజోమి ఒకుహారాల మధ్య జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది. రెండో గేమును సింధు 22-20తో ముగించిన ర్యాలీలోనే 73 షాట్లు ఉన్నాయి. నిమిషం దాటిన అలాంటి ర్యాలీలో గుండె ఆటను దాదాపు అందుకోగలదు. మామూలు ర్యాలీలో ఆ వ్యవధి దొరకదు. కాబట్టి ఫలానా క్షణంలో కనిపించే అంకె ఆ క్షణపు కష్టానికి కొలత కాదు. అంతకుముందు అర నిమిషం, నిమిషం పాటు పడిన శ్రమ అంతా అందులో కలిసి ఉంటుంది.

ఫుట్‌బాల్‌లో విరామాలకు ఇంత క్రమం ఉండదు. ఉన్నత స్థాయి మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో పది, పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో ఎక్కువ భాగం నడకా, నెమ్మది పరుగే. సగటు గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 90 శాతం మధ్య ఉంటుంది. ఇక్కడ చూడవలసింది రెండో సగం. గుండె వేగం కాస్త తగ్గితే ఆటగాడు తేలికగా ఆడుతున్నాడని అనిపిస్తుంది. పరుగెత్తిన దూరం కూడా తగ్గి ఉంటే, అలసి కాళ్లు సాగక వేగం తగ్గిందేమో అనుమానించాలి. గుండె వేగం మొదటి సగంలో ఉన్నంతే ఉండి దూరం మాత్రం తగ్గితే, అదే పనికి శరీరం ఇప్పుడు ఎక్కువ ధర చెల్లిస్తోందని అర్థం. దూరం లెక్క పక్కన లేకుండా ఫుట్‌బాల్ గుండె వేగాన్ని చదివితే సగం కథే తెలుస్తుంది.

క్రికెట్‌లో గీత మరోలా ఉంటుంది. ఫాస్ట్ బౌలర్ ఆరు బంతుల ఓవర్ నాలుగైదు నిమిషాలు పడుతుంది. బంతికీ బంతికీ మధ్య రనప్ మొదటికి నడిచి వెళ్లే వ్యవధి ఉంటుంది. ఓవర్ సాగేకొద్దీ గుండె వేగం మెట్లు మెట్లుగా పెరిగి, అవతలి ఎండ్ ఓవర్‌లో ఫైన్ లెగ్ దగ్గర నిలబడినప్పుడు దిగుతుంది. పైన ఓ నాలుగు నిమిషాలు, కింద ఓ నాలుగు నిమిషాలుగా సాగే పెద్ద రంపపు పళ్ల గీత అది. రోజంతటి సగటు తీస్తే చాలా తక్కువ అంకె వస్తుంది. అది చూసి బౌలర్‌కు పెద్దగా భారం పడలేదనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. బంతి వదిలేటప్పుడు ముందు కాలు నేలను తాకే తాకిడి శరీర బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. నడుము ఎముకలకు పగుళ్లు తెచ్చేది ఆ భారమే. అది గుండె వేగంలో కనబడదు. అందుకే బౌలర్ల భారాన్ని లెక్కించేవారు వేసిన బంతుల సంఖ్యను విడిగా రాసుకుంటారు. బ్యాటర్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. తొలి బంతి ఎదుర్కోకముందే, ఒక్క పరుగూ తీయకముందే గుండె వేగం పెరిగిపోవచ్చు. అది ఉద్వేగం పని, కాళ్ల పని కాదు.

మ్యాచ్ గీతను చదవడం అంకెను నమ్మవచ్చా అన్న ప్రశ్నతో మొదలవ్వాలి. ఛాతీకి కట్టే బెల్టు గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. చేతి వాచీ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, రక్తపు హెచ్చుతగ్గులను బట్టి లెక్క కడుతుంది. రాకెట్ గట్టిగా పట్టుకుని మణికట్టు విదిలించినప్పుడల్లా వాచీ కదిలి ఆ లెక్క చెడుతుంది. వాచీయే ఉంటే రాకెట్ లేని చేతికి, మణికట్టు ఎముకకు కాస్త పైన, బిగుతుగా కట్టుకోవాలి. ఛాతీ బెల్టు ఇంకా మేలు. తప్పుడు కొలతను గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు మూడు సెకన్లలో 118 నుంచి 201కి ఎగిరి వెంటనే కిందికి పడిన అంకె సాధారణంగా పరికరం లోపమే. పరుగులో గుండె వేగం అడుగుల వేగంతో అచ్చంగా కలిసిపోయి, నిమిషానికి 160, 170 దగ్గర కదలకుండా నిలిచిపోయినా అనుమానించాలి. వాచీ అడుగుల అదురునే గుండె చప్పుడుగా లెక్కపెట్టి ఉండవచ్చు.

ఇప్పుడు ఒక ఊహాజనిత మ్యాచ్‌ను తీసుకుందాం. 38 ఏళ్ల వ్యక్తి సాయంత్రం మూడు గేముల సింగిల్స్ ఆడాడు. వాచీ మొత్తం 60 నిమిషాలు నమోదు చేసి, సగటు 149, గరిష్ఠం 201 అని చూపించింది. 201 వచ్చింది వార్మప్‌లో, నాలుగు సెకన్ల పాటు, పైన చెప్పిన ఎగురుడుగా. దాన్ని పక్కన పెడితే అసలు గరిష్ఠం 184. ఇక సగటు. ఆ గంటలో మొదటి 10 నిమిషాలు వార్మప్, సగటు 105. చివరి 6 నిమిషాలు ఆట అయ్యాక కూర్చుని మాట్లాడిన సమయం, సగటు 110. మొత్తం కొట్టుకున్న సంఖ్య 149 × 60, అంటే 8,940. అందులోంచి వార్మప్ 1,050, చివరి కబుర్ల 660 తీసేస్తే 7,230 మిగులుతుంది. దాన్ని అసలు మ్యాచ్ సాగిన 44 నిమిషాలతో భాగిస్తే 164 వస్తుంది. వాచీ చూపిన 149కీ దీనికీ తేడా చాలా పెద్దది. రికార్డింగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడకుండా సగటులను పోల్చితే పోలికంతా తప్పుతుంది.

ఆ 164 ఎక్కువా తక్కువా అన్నది అతని గరిష్ఠాన్ని బట్టి ఉంటుంది. 220 లోంచి వయసు తీసేసే పాత లెక్క ప్రకారం గరిష్ఠం 182. అతను మాత్రం ఈ మ్యాచ్‌లోనే 184 చూశాడు, అంతకుముందు గట్టు ఎక్కే పరుగులో 188 చూశాడు. ఆ సూత్రం జనసమూహపు సగటు మాత్రమే. ఒక్కో మనిషి విషయంలో పది, పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి నిజంగా చూసిన 188నే ఆధారం చేసుకోవాలి. దానితో చూస్తే 164 అంటే 87 శాతం. వాచీ చూపిన 149ని తీసుకుని ఉంటే 79 శాతంతో సరిపెట్టుకునేవాడు.

అసలు విషయం మాత్రం సగటులో లేదు, విరామాల్లో ఉంది. 21 పాయింట్ల గేములో ఒకరి స్కోరు 11కు చేరగానే 60 సెకన్ల విరామం ఇస్తారు. ప్రతి గేములో ఒకే చోట, ఒకే వ్యవధితో వచ్చే ఈ విరామం కొలతకు చక్కటి అవకాశం. మొదటి గేము విరామంలో అతని గుండె వేగం 172 నుంచి 141కి, అంటే 31 తగ్గింది. రెండో గేములో 176 నుంచి 148కి, 28 తగ్గింది. మూడో గేములో 179 నుంచి 164కి, 15 మాత్రమే తగ్గింది. శిఖరాలు మూడు గేముల్లోనూ దాదాపు ఒకటే. లోయ మాత్రం 141 నుంచి 164కి పైకి లేచింది. మూడో గేములో కాళ్లు ఆలస్యమై, నెట్ దగ్గర షటిల్ చేజారి ఉంటే ఈ గీతలో దానికి ఆధారం దొరుకుతుంది. చివరి గేములు ఓడిపోతున్నవారు శిఖరాలను వదిలి ముందు ఈ లోయలను చూడాలి.

అయితే ఒక్క మ్యాచ్‌తో తీర్పు చెప్పకూడదు. విరామానికి ముందు ర్యాలీ బాగా పొడవైనదైతే తగ్గుదల వేరుగా ఉంటుంది. ఒక విరామంలో కూర్చుని, మరో విరామంలో అటూ ఇటూ నడిచినా పోలిక చెడుతుంది. హాలు వేడి మరో పెద్ద కారణం. షటిల్ గాలికి పక్కకు పోతుందని చాలా హాళ్లలో ఫ్యాన్లు ఆపేస్తారు. మే నెల విజయవాడలో అలాంటి హాల్లో ఆడితే చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, కొంత రక్తం చర్మాన్ని చల్లబరచడానికి మళ్లుతుంది. ఒక్కో కొట్టుకోవడానికి గుండె పంపే రక్తం తగ్గి, ఆ లోటును వేగంతో పూడ్చుకుంటుంది. ఆట జోరు పెరగకపోయినా గీత మెల్లగా పైకి జరుగుతుంది. మ్యాచ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే చెమటగా ఎంత పోయిందో సుమారుగా తెలుస్తుంది. అందుకని అంకెల పక్కన హాలు వేడి, ప్రత్యర్థి స్థాయి, ముందురోజు నిద్ర రాసిపెట్టుకోవాలి. కనీసం నాలుగైదు మ్యాచులు ఒకే తీరు చూపిస్తేనే అది అలవాటుగా వస్తున్న అలసట అనుకోవచ్చు.

బీటా బ్లాకర్ల వంటి బీపీ మాత్రలు వాడేవారిలో గుండె వేగం మందువల్లే అణిగి ఉంటుంది కాబట్టి ఈ శాతాలేవీ వారికి వర్తించవు. ఎంత కష్టంగా ఉందన్న సొంత అంచనా, మాట్లాడగలిగే స్థితి వారికి మెరుగైన కొలతలు. ఇక ఎవరికైనా సరే, గుండె వేగం ఉన్నట్టుండి ఎగిరినట్టు కనిపించి దాంతోపాటు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ, మామూలుకు మించిన ఆయాసం ఉంటే పరికరం లోపమని సరిపెట్టుకోకూడదు. ఆట వెంటనే ఆపేయాలి, ఛాతీ నొప్పి తగ్గకపోయినా స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి. లక్షణాలు వాటంతటవే తగ్గిపోయినా మళ్లీ కోర్టులోకి దిగేముందు ఈసీజీ తీయించి, ఆ రోజు వాచీలో నమోదైన గీతను కూడా డాక్టరుకు చూపించాలి.