పడవ కిరాయి ఎవరి లెక్కలో?

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆహార పొట్లాలను డ్రోన్లతో కూడా దించాల్సి వచ్చింది. సరుకు నగరం దాకా రావడం ఒక ఎత్తు, నడుంలోతు నీళ్లు నిలిచిన సందులోకి చేరడం మరో ఎత్తు. సహాయ బడ్జెట్లు ఎక్కువగా తప్పేది ఈ రెండో దగ్గరే.

వరదలో బడ్జెట్ వేయడానికి వారం గడువు ఉండదు, ఒక పూటలో తేల్చాలి. అందుకు దారి ఒక కుటుంబం లెక్క పక్కాగా వేసి, కుటుంబాల సంఖ్యతో హెచ్చించడం. 500 ఇళ్ల కాలనీ అనుకుందాం. నీళ్లున్నన్నాళ్లూ పొయ్యి వెలగదు కాబట్టి ఆ రోజులకు వండిన అన్నం, తాగునీరు వేరే పద్దు. నీళ్లు తీస్తున్నప్పుడు ఇచ్చే పది రోజుల సరుకుల సంచి గురించే ఇక్కడ చెబుతాను. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున నలుగురికి 16 కిలోలు కావాలి. కిలో 50 రూపాయలనుకుంటే 800. రెండున్నర కిలోల కందిపప్పు 400, లీటరు నూనె 130, ఉప్పు, కారం, చింతపండు, పసుపు కలిపి 170, సంచికీ కూర్పుకూ 30. మొత్తం 1,530 రూపాయలు. ఈ ధరలు నమూనాకు మాత్రమే. అసలు బడ్జెట్లో ఆ రోజు ఇద్దరు టోకు వర్తకులకు ఫోను చేసి, వాళ్లు చెప్పిన ధర, తేదీ, సమయం పక్కనే రాసుకోవాలి. తర్వాత ఆడిట్‌లో ఆ రెండు వాక్యాలే కాపాడతాయి.

ఇలా 500 సంచులకు 7,65,000 అవుతుంది. చాలామంది ఇక్కడ గీత గీసి, కింద ‘రవాణా’ అని ఏదో గుండు సున్నాల అంకె వేస్తారు. కానీ సంచి బరువు దాదాపు 22 కిలోలు, మొత్తం 11 టన్నులు. లారీకి 12,000. సంచిని లారీలోకి ఎత్తాలి, బడిలో దించాలి, మళ్లీ ట్రాక్టరెక్కించాలి. ఎత్తిన ప్రతిసారీ సంచికి 8 రూపాయల హమాలీ అంటే 12,000. బురదనీటిలో ట్రాక్టరుకు 60 సంచుల కంటే వేయలేమనుకుంటే 9 ట్రిప్పులు, ట్రిప్పుకు 1,500 చొప్పున 13,500. చివరి సందుల్లోని వంద ఇళ్లకు రెండు పడవలు రెండు రోజులు తిరగాలి, పడవకు రోజుకు 4,000 చొప్పున 16,000. కలిపితే 53,500.

సగటు తీస్తే సంచికి 107 రూపాయలు. ఈ సగటుతోనే చిక్కు. ట్రాక్టరు ఇంటిదాకా వెళ్లే కుటుంబానికి అయ్యేది 75, పడవ కావలసిన కుటుంబానికి 235. డబ్బు తక్కువైతే ముందు ఆగేది పడవే, అంటే అందరికంటే లోతులో ఉన్న వంద ఇళ్లే. అందుకే పడవ కిరాయిని వేరే వరుసలో రాసి, ఇతర ఖర్చులకు ముట్టుకోకుండా ఉంచడం మంచిది. ధరలు పెరిగితే తట్టుకోవడానికి మరో 40,000 కలిపితే బడ్జెట్ 8,58,500.

ఇంతలో దాతలు 120 బస్తాల బియ్యం పంపారు. బస్తాపై 25 కిలోలని ముద్ర. కాటా వేయకుండా 3,000 కిలోలని రాసేస్తే మొదటి తప్పు అక్కడే. బస్తాలు దించుతుండగా అడుగున నాలుగు తడిసి, ముక్కుకు పులిసిన వాసన తగిలింది. వాటిని పక్కన పెట్టి, ఇద్దరు సంతకం చేసి ‘పాడైనవి 100 కిలోలు’ అని పుస్తకంలో ఎక్కిస్తే పనికొచ్చేది 2,900. మనకు కావలసిన 8,000 కిలోల్లో ఇంకా కొనాల్సింది 5,100. అదే 50 రూపాయల చొప్పున 1,45,000 నగదు మిగిలింది. ఈ మొత్తాన్ని విరాళపు వస్తువుల గడిలో చూపాలి తప్ప ఖర్చు గడిలో కాదు. రెండు గడులూ కలిపేస్తే ఒకే బియ్యాన్ని దానంగానూ కొనుగోలుగానూ రెండుసార్లు చూపినట్టవుతుంది. అన్నట్టు, దానపు బియ్యం వచ్చిందని లారీ, హమాలీ, పడవ ఖర్చు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

రోజు చివర చూసుకోవలసిన లెక్క ఒక్కటే: వచ్చినవి, పంచినవి, పాడైనవి, మిగిలినవి. చివరి మూడూ కలిపితే మొదటిది రావాలి. పంచినవాటికి రుజువు ఇంటి నంబరు, సంతకం లేదా వేలిముద్ర. కార్డులు నీళ్లపాలైనవాళ్లకు కార్డు అడగకుండా పక్కింటివారి సాక్ష్యం చాలు. సంతకాలన్నీ ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో ఉంటే అనుమానించాలి. ఫొటోలకంటే నమ్మదగిన పరీక్ష ఇంకొకటుంది: మర్నాడు పది ఇళ్లకు వెళ్లి సంచిని తూకం వేసి చూడటం.

ఈసారి వరద సాయం పంపేవారు ముందు ఫోను చేసి ఏం కావాలో అడగండి. బియ్యంతోపాటు వాటిని గుమ్మం దాకా చేర్చే పడవ కిరాయి కూడా పంపండి.