మార్కెట్ పడిన రోజు మీ యూనిట్లు ఎవరి చేతిలో ఉంటాయి?

అమ్మాయి ఎమ్మెస్ ఫీజుకో, ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కో ఉన్నట్టుండి 10 లక్షలు కావాల్సి వస్తుంది. మ్యూచువల్ ఫండ్లలో 20 లక్షలు ఉన్నాయి గానీ ఏళ్ల తరబడి సిప్ కట్టి పోగుచేసినవి, అమ్మబుద్ధి కాదు. అమ్మక్కర్లేదు, వాటి మీదే అప్పు ఇస్తామని బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు అంటున్నాయి. ఓటీపీ కొడితే యూనిట్ల మీద లియన్ పడుతుంది, ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా తెరుచుకుంటుంది, వాడుకున్నంత సొమ్ముకే వడ్డీ. పర్సనల్ లోన్ కంటే సాధారణంగా చవక కూడా. ఇదంతా నిజమే. అయితే ఈ అప్పు తీసుకునేవాళ్లు వడ్డీ గురించి పదిమందిని అడుగుతారు, మార్జిన్ గురించి మాత్రం ఎవరినీ అడగరు. మునిగేది అక్కడే.

బంగారం తాకట్టు మనకు అలవాటైన వ్యవహారం. ధర కొంచెం అటూ ఇటూ అయినా గడువులోగా వడ్డీ కడితే చాలు, వేలం దాకా రావడానికి నెలలు పడుతుంది. షేర్లు, ఈక్విటీ ఫండ్ల తాకట్టు అలా కాదు. ఇక్కడ అప్పిచ్చినవాళ్లు తాకట్టు విలువను ఏ రోజుకారోజు లెక్కగడతారు. 2014 ఆగస్టులో ఎన్‌బీఎఫ్‌సీలకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం షేర్ల మీద ఇచ్చిన అప్పు ఎప్పుడూ వాటి విలువలో సగం దాటకూడదు. ధర పడి దాటిందా, 7 పనిదినాల్లో సరిచేయాలి. ఈక్విటీ ఫండ్లకూ ఇదే లెక్క. మీరు ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే అంకెను డ్రాయింగ్ పవర్ అంటారు. మార్కెట్ పడితే అదీ పడుతుంది. మీ అప్పు దాన్ని దాటిన రోజు ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్సే మార్జిన్ కాల్.

లెక్క చూద్దాం. 20 లక్షల యూనిట్లు తాకట్టు పెట్టి, ఇచ్చిన 10 లక్షలూ తీసేసుకున్నారు. మార్కెట్ 10 శాతం పడింది. యూనిట్ల విలువ 18 లక్షలు, డ్రాయింగ్ పవర్ 9 లక్షలు. లక్ష రూపాయలు ఎక్కువైంది. చేతిలో డబ్బుంటే లక్ష కట్టేస్తే సరిపోతుంది. లేకపోతే?

లక్ష విలువైన యూనిట్లు అమ్మితే చాలదా అనిపిస్తుంది. చాలదు. యూనిట్లు అమ్మినప్పుడు అప్పుతోపాటు తాకట్టు కూడా తరుగుతుంది. లక్ష అమ్మితే అప్పు 9 లక్షలు, తాకట్టు 17 లక్షలు. అందులో సగం ఎనిమిదిన్నర లక్షలే, ఇంకా 50 వేలు తక్కువ. 2 లక్షలు అమ్మితేనే అప్పు 8 లక్షలకు, తాకట్టు 16 లక్షలకు వచ్చి లెక్క సరిపడుతుంది. అంటే నగదుగా కడితే ఎంతో, యూనిట్లు అమ్మితే దానికి రెట్టింపు పోతుంది. ఈ విషయం అప్పు ఇచ్చేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పరు, చెప్పి తీరాలని నా అభిప్రాయం.

ఇప్పుడు కరోనా నాళ్లకు వెళ్దాం. 2020 జనవరి మధ్యలో నిఫ్టీ 12,300 దాటి ఉంది. మార్చి 23 నాటికి 7,610కి వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి సుమారు 38 శాతం నష్టం. ఆ ఒక్క రోజే 13 శాతం పడింది. మన 20 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నాయనుకుంటే విలువ 12 లక్షల 40 వేలు, డ్రాయింగ్ పవర్ 6 లక్షల 20 వేలు. 10 లక్షల అప్పు మీద 3 లక్షల 80 వేలు లోటు. జీతాలకే కోత పడుతున్న ఆ వారంలో అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? తేలేకపోతే అప్పిచ్చినవాళ్లు 7 లక్షల 60 వేల యూనిట్లు అమ్మేస్తారు. మిగిలేది 4 లక్షల 80 వేల యూనిట్లు, 2 లక్షల 40 వేల అప్పు.

అదే ఏడాది నవంబరుకల్లా నిఫ్టీ పాత స్థాయికి చేరింది. వడ్డీ పక్కనపెడితే, అమ్మకుండా నిలబెట్టుకున్నవారికి 20 లక్షల యూనిట్లు, 10 లక్షల అప్పు, అంటే నికరంగా 10 లక్షలు. అడుగున అమ్ముడైపోయినవారికి మిగిలిన యూనిట్లు పెరిగి 7 లక్షల 75 వేలు దాకా అయ్యాయి. అప్పు తీసేస్తే నికరం 5 లక్షల 35 వేలు. మార్కెట్ మొదటికే వచ్చింది, ఆయన సొమ్ము సగానికి దగ్గరగా పోయింది. పైగా పాత యూనిట్లు లాభంలో ఉండగా అమ్ముడైతే, అమ్మింది వాళ్లయినా పన్ను కట్టాల్సింది మీరే.

షేర్ల విషయంలో ఇది ఇంకా ప్రమాదం. ఫండ్‌లో పదుల కొద్దీ కంపెనీలుంటాయి, షేరు ఒకే కంపెనీది. అప్పిచ్చే ప్రతి సంస్థకూ ఆమోదించిన షేర్ల జాబితా ఉంటుంది. మీ షేరును అందులోంచి తీసేసినా, దాని మీద ఇచ్చే శాతం తగ్గించినా ధర పడకుండానే మార్జిన్ కాల్ వస్తుంది. లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న షేరును కొనేవాళ్లు ఉండరు. అమ్మకం రోజుల తరబడి సాగుతుంది, ఈలోగా ధర ఇంకా దిగుతుంది.

హైదరాబాద్ ఇది కళ్లారా చూసింది. సత్యం కంప్యూటర్స్ ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీల కొనుగోలు బెడిసికొట్టి షేరు కుప్పకూలింది. అప్పిచ్చినవాళ్లు ఆ తాకట్టు షేర్లను మార్కెట్లో అమ్మేశారు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖలోనూ ఆ అమ్మకాల ప్రస్తావన ఉంది. అక్కడి మోసం వేరే కథ. కానీ అమ్మకం మీట నొక్కిన పద్ధతి మాత్రం ఇవాళ మామూలు మదుపరి ఒప్పందంలోనూ ఉన్నదే.

ఆ ఒప్పందంలో వెతకాల్సింది రెండో గీత. మొదటి గీత దాటితే కబురు పంపి గడువిస్తారు. మార్కెట్ ఒక్కసారిగా పడి రెండోది కూడా దాటితే గడువు తీరకుండానే అమ్ముకునే హక్కు చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. కబురు కూడా రికార్డులో ఉన్న ఫోనుకు, మెయిల్‌కే వస్తుంది. నెంబరు మార్చి చెప్పనివారు, అమెరికా వెళ్లి ఇక్కడి సిమ్ ఆపేసినవారు అమ్ముడయ్యాకే తెలుసుకుంటారు. ఇంకో పొరపాటు లెక్క కూడా వింటుంటాను. నెలనెలా సిప్ పడుతోంది కదా, తాకట్టు దానంతటదే పెరుగుతుందని. పెరగదు. లియన్ వేసిన రోజు ఎన్ని యూనిట్లు రాసిచ్చారో అన్నే తాకట్టు. కొత్తవి మీరు విడిగా రాసిస్తేనే కలుస్తాయి.

ఎంత తీసుకుంటే భయం లేదో తెలుసుకోవడం తేలికే. అప్పు తాకట్టు విలువలో ఎంత శాతమో చూసి, రెట్టింపు చేసి, 100లోంచి తీసేయండి. మిగిలినంత శాతం మార్కెట్ పడేదాకా కాల్ రాదు. 20 లక్షల మీద 7 లక్షలు తీసుకుంటే 30 శాతం, అంటే 2020లో వచ్చి ఉండేది. 5 లక్షలే తీసుకుంటే 50 శాతం, వచ్చి ఉండేది కాదు. కట్టని వడ్డీ కూడా అప్పులోనే కలుస్తుంది కాబట్టి దాన్ని నెలనెలా కట్టేయాలి.

ఇప్పటికే ఇలాంటి అప్పు ఉన్నవారు ఈ వారమే ఖాతా తెరిచి చూడండి. బాకీ తాకట్టులో పాతిక శాతం దాటి ఉంటే, మార్కెట్ బాగున్నప్పుడే, ఏ యూనిట్లు పోవాలో మీరు ఎంచుకోగలిగినప్పుడే కొంత తీర్చేయండి.