గాలి పోయాక మిగిలే 80 కిలోమీటర్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్న ఒక కారు సూర్యాపేట దాటిందనుకుందాం. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం వెలిగింది. గుర్రపు లాడం ఆకారంలో టైరు బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. స్టీరింగు ఏ పక్కకూ లాగడం లేదు, బండి ఊగడం లేదు. అయినా దిగి చూస్తే వెనక ఎడమ టైరులో గాలి దాదాపు లేదు. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, జాకీ కూడా లేదు. కంపెనీ అసలు ఇవ్వలేదు. ఎందుకంటే ఆ కారుకు వేసినవి రన్‌ఫ్లాట్ టైర్లు.

మన దగ్గర ఈ టైర్లు బీఎమ్‌డబ్ల్యూ, మినీ వంటి ఖరీదైన కార్లలో ఎక్కువగా కనిపిస్తాయి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్ ద్వారా అవి ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల ముందుకూ వస్తున్నాయి. వాటితో పాటు ఒక అపోహ కూడా వస్తోంది: రన్‌ఫ్లాట్ ఉంటే పంక్చర్ గురించి ఆలోచించనక్కర్లేదని. నిజానికి ఆలోచించాల్సింది అప్పుడే మొదలవుతుంది. ఈ టైరు మనకిచ్చేది కొంత దూరం మాత్రమే. ఆ దూరాన్ని ఎలా వాడుకోవాలో డ్రైవరే తేల్చుకోవాలి.

బరువు మోసేది ఎవరు?

మామూలు టైరులో కారు బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. గాలి పోగానే టైరు పక్కగోడ మడత పడుతుంది. రిమ్ము అంచుకూ రోడ్డుకూ మధ్య నలుగుతుంది. కొద్ది దూరం పోనిస్తే చాలు, పక్కగోడ చీలికలవుతుంది, టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది.

రన్‌ఫ్లాట్ టైరును అడ్డంగా కోసి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. రెండు పక్కగోడల లోపలి వైపు నెలవంక ఆకారంలో మందపాటి రబ్బరు పొర ఉంటుంది. వేడిని ఎక్కువ తట్టుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన రబ్బరు అది. గాలి పోయినప్పుడు ఈ రెండు గోడలూ స్తంభాల్లా నిలబడి బరువు మోస్తాయి. టైరు కాస్త కుంగుతుంది కానీ చతికిలపడదు. మలుపుల్లో టైరు జారిపోకుండా కొన్ని కార్లకు రిమ్ము మీద ఒక గట్టు అదనంగా పెడతారు.

ఇంత గట్టిగా నిలబడటం వల్లే ఒక చిక్కు వస్తుంది. గాలి పోయిన సంగతి చూపుకూ అందదు, చేతికీ తెలియదు. అందుకే టైరు ప్రెజర్‌ను కనిపెట్టి హెచ్చరించే టీపీఎమ్ఎస్ లేని కారుకు రన్‌ఫ్లాట్ వేయకూడదు. దీపం వెలగకపోతే డ్రైవరు ఎప్పటిలాగే వందా నూట ఇరవైలో పోతూనే ఉంటాడు.

80 ఎందుకు?

ఎక్కువ కంపెనీలు చెప్పే హద్దు ఒకటే: గంటకు 80 కిలోమీటర్లు మించని వేగం, 80 కిలోమీటర్లు మించని దూరం. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం టైర్ల నిబంధనల్లోనూ రన్‌ఫ్లాట్ టైరు పాసవ్వాల్సిన పరీక్ష ఇదే. టైరులో గాలి తీసేసి, అది మోయగల గరిష్ఠ బరువులో 65 శాతం మోపి, తిరిగే డ్రమ్ము మీద 80 వేగంతో గంటసేపు నడుపుతారు.

ఆ హద్దు వెనక ఉన్నది వేడి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంచిన చోట వేడెక్కినట్టే, రబ్బరు కూడా వంగిన ప్రతిసారీ వేడెక్కుతుంది. 225/45, 17 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే కారు దాదాపు 2 మీటర్లు ముందుకు పోతుంది. అంటే 80 కిలోమీటర్లలో ఆ పక్కగోడ 40 వేల సార్లు కుంగి లేస్తుంది. 80 వేగంలో సెకనుకు 11 సార్లు. వేగం పెరిగితే ఒక వంపులో పుట్టిన వేడి బయటికి పోకముందే ఇంకో వంపు వస్తుంది. బరువు పెరిగితే వంపు లోతు పెరుగుతుంది. వేడి ఒక స్థాయి దాటాక లోపలి రబ్బరు పొర విచ్చుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఆ టైరును ఏదీ బాగుచేయలేదు.

అందుకే 80 అన్న అంకె అన్ని సందర్భాల్లోనూ ఒకేలా పనిచేయదు. బీఎమ్‌డబ్ల్యూ పాత మోడళ్లలో కొన్నింటి మాన్యువల్‌లో బరువును బట్టి దూరం ఇచ్చేవారు: సామాను లేకుండా ఒకరిద్దరుంటే సుమారు 250 కిలోమీటర్లు, నలుగురుంటే 150, నలుగురూ నిండా సామానూ ఉంటే 50. ఒకే టైరుకు ఐదు రెట్ల తేడా. పరీక్షలోని డ్రమ్ము నున్నగా ఉంటుంది, గుంతలుండవు. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న తారురోడ్డు మీద, ఐదుగురితో, పెళ్లి సామానుతో పోతున్నప్పుడు 80 కిలోమీటర్లు నాకు హక్కుగా ఉన్నాయనుకోవడం పొరపాటు. అది పైహద్దు. వీలైనంత తక్కువలో ముగించడమే తెలివి.

సూర్యాపేట దగ్గర ఏం చేయాలి?

మొదట చూసిన కారు దగ్గరికే వద్దాం. అక్కడి నుంచి వెనక్కి హైదరాబాద్‌కైనా, ముందుకు విజయవాడకైనా వంద కిలోమీటర్ల పైనే. రెండు నగరాలూ టైరు హద్దుకు అవతలే ఉన్నాయి. రన్‌ఫ్లాట్ ఉంది కదా అని విజయవాడకు సాగిపోతే, నందిగామ చేరేలోపే హద్దు దాటిపోతుంది.

ఇక్కడ మొదటి పని ఆగడం. దీపం వెలిగిన వెంటనే మెల్లగా వేగం తగ్గించి, సర్వీసు రోడ్డులోనో బంకులోనో ఆపి టైరు చూడాలి. ఈ ఆగడంలోనే టైరు బతకడమో పోవడమో తేలిపోతుంది. మేకు గుచ్చుకుని గాలి నెమ్మదిగా దిగుతుంటే, ప్రెజర్ ఇంకా పూర్తిగా పడిపోకముందే బంకులో నింపుకోవచ్చు. గాలితో నడిచినంతసేపూ అది మామూలు టైరే. 80 కిలోమీటర్ల లెక్క ఇంకా మొదలుకాలేదు. మేకు మాత్రం పీకకూడదు. నింపినది ఎంతసేపు నిలుస్తుందో మధ్యమధ్య ఆగి చూసుకుంటూ పోవాలి. డిక్కీలో చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి ఉంటే, రన్‌ఫ్లాట్ ఉన్నవాళ్లకు కూడా అది చాలా విలువైన వస్తువు.

గాలి అస్సలు నిలవడం లేదంటే అప్పుడు లెక్క వేయాలి. ముందుకు కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. రోడ్డు మారితే ఖమ్మం సుమారు 60. రెండూ హద్దు లోపలే. కానీ చేరితే సరిపోదు, అక్కడ పనికొచ్చేది దొరకాలి. కదలకముందే టైరు షాపుకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి. ఈ సైజులో రన్‌ఫ్లాట్ ఉందా? గట్టి పక్కగోడల టైరును విప్పే మెషీన్ ఉందా? చేతి లివర్లతో విప్పబోతే రిమ్ము గీసుకుపోతుంది, టైరు అంచు తెగుతుంది. రెండు ఊళ్లలోనూ లేదనే జవాబు వస్తే, బండిని మోసుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవడమే మంచిది. అప్పుడైనా 80 కిలోమీటర్లు వృథా కాలేదు. చీకట్లో హైవే అంచున నిలబడకుండా, దీపాలూ మనుషులూ ఉన్న చోటుకు చేర్చాయి.

నడపక తప్పనప్పుడు 80 కంటే 50, 60 మేలు. సడన్ బ్రేకు వద్దు, మలుపుల్లో తొందర వద్దు. గాలి లేని టైరుతో బండి ఆగడానికి మామూలు కంటే ఎక్కువ దూరం పడుతుంది. కాలిన రబ్బరు వాసన వచ్చినా, దడదడమని చప్పుడు మొదలైనా టైరు విచ్చుకుంటోందని అర్థం. ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయన్న లెక్క వదిలేసి అక్కడే ఆపేయాలి. పక్కగోడే చీలిపోతే ఈ హామీ అసలు వర్తించదు, ఎందుకంటే బరువు మోయాల్సింది ఆ గోడే.

పంక్చర్ వేయించవచ్చా?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పైనుంచి చూస్తే టైరు కొత్తదానిలా ఉంటుంది, మేకు గుచ్చుకున్న చిన్న చిల్లి తప్ప. రోడ్డు పక్క షాపులో ప్లగ్ వేస్తారు, గాలి నిలుస్తుంది. కానీ గాలి లేకుండా నడిచిన టైరు లోపల పక్కగోడ వడిలిపోయి ఉండవచ్చు. టైరు విప్పితేనే ఆ జాడలు తెలుస్తాయి: అరచేత్తో తుడిస్తే నల్లటి రబ్బరు పొడి అంటుకుంటుంది, లోపలి గోడ చుట్టూ ముడతల పట్టీ కనిపిస్తుంది, కొన్నిచోట్ల రంగు మారి ఉంటుంది. వీటిలో ఏది కనిపించినా ఆ టైరు పారేయాల్సిందే. దాన్ని మళ్లీ 120 వేగంలో నడిపితే ఏదో ఒక రోజు హెచ్చరిక లేకుండా పేలుతుంది.

కొన్ని కంపెనీలు రన్‌ఫ్లాట్‌కు రిపేరే వద్దంటాయి. కొన్ని, గాలి తగ్గాక నడపలేదని తేలితే, రోడ్డుకు తగిలే భాగంలో చిన్న చిల్లికి మాత్రం ఒప్పుకుంటాయి. అందుకే దీపం వెలిగినప్పుడు ఓడోమీటర్ అంకెను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఎంత దూరం గాలి లేకుండా నడిచిందో మెకానిక్‌కు చెప్పడానికి అదే ఆధారం.

రోజూ చెల్లించే ధర

పంక్చర్ ఏడాదికి ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. గట్టి పక్కగోడ మాత్రం రోజూ మనతోనే ఉంటుంది. మామూలు టైరు గోడ చిన్న గుంతల్లో వంగి కుదుపును తాను తీసుకుంటుంది. రన్‌ఫ్లాట్ గోడ అంతగా వంగదు, కుదుపును సస్పెన్షన్‌కూ సీటుకూ పంపిస్తుంది. పెద్ద గుంతలో పడితే ఆ దెబ్బ రిమ్ముకు తగిలి అల్లాయ్ సొట్టపోవచ్చు, పగలనూ వచ్చు. టైరు బరువు ఎక్కువ, ధర ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకడం కష్టం.

అందుకే మన దగ్గర కొందరు యజమానులు రన్‌ఫ్లాట్లు అరిగాక మామూలు ట్యూబ్‌లెస్ టైర్లకు మారుతున్నారు. కారు మెత్తగా నడుస్తుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ డిక్కీలో స్టెప్నీకి చోటు లేదన్న సంగతి అలాగే ఉంటుంది. మారేవాళ్లు పంపు, టైరులో పోసే సీలెంట్ తప్పక పెట్టుకోవాలి. పక్కగోడ కోసుకుంటే అవి కూడా పనిచేయవని తెలిసి ఉండాలి. నాలుగూ ఒకే రకం ఉండాలి, రెండు అవీ రెండు ఇవీ కలిపితే మలుపుల్లో బండి తీరు మారిపోతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు టైరు గోడ మీద రన్‌ఫ్లాట్ అనిగానీ, సైజు మధ్యలో ఆర్ఎఫ్ అనిగానీ, కంపెనీని బట్టి ఆర్ఎఫ్‌టీ, ఎస్ఎస్ఆర్, జడ్‌పీ అనిగానీ ఉందేమో నాలుగింటి మీదా చదవాలి. పాత యజమాని మామూలువి వేసి, స్టెప్నీ లేకుండానే అమ్మేసి ఉండవచ్చు.

ఏది ఎంచుకోవాలన్నది మీరు తిరిగే దారిని బట్టి ఉంటుంది. రాత్రిళ్లు ఒంటరిగా హైవే మీద ప్రయాణించేవాళ్లకు, జాకీ ఎత్తి టైరు మార్చలేని పెద్దవాళ్లకు, 80 కిలోమీటర్ల లోపల పెద్ద టైరు షాపులున్న ప్రాంతంలో తిరిగేవాళ్లకు రన్‌ఫ్లాట్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. గుంతల రోడ్ల మీద రోజూ తిరుగుతూ, దగ్గరి టైరు షాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు మాత్రం డిక్కీలో స్టెప్నీ పట్టే కారే నమ్మకమైన తోడు.