ఫోన్ రీసెట్ చేసే ముందు

ఫోన్ మొరాయించగానే చాలామంది తెరిచి ఉన్న యాప్‌లన్నిటినీ వరసగా పైకి తోసేస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువ. ఈమధ్య వాడిన యాప్‌లను ఆండ్రాయిడ్ కావాలనే ర్యామ్‌లో అట్టేపెడుతుంది, మళ్లీ ముట్టుకోగానే తెరుచుకోవాలని. చోటు చాలకపోతే పాతవాటిని తనే తీసేస్తుంది. మనం తోసేసిన యాప్ మళ్లీ మొదటినుంచి లేవాలి. అందుకు సమయమూ బ్యాటరీ కూడా ఎక్కువే పడతాయి. ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు మరీ దండగ, అవి కూడా వెనకాల నడుస్తూ ఆ ర్యామ్‌నే తింటాయి. బిగుసుకుపోయిన ఒక్క యాప్‌ను మూసేయడం మాత్రం సబబే.

అసలు నిండింది ర్యామా, స్టోరేజా? 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్న ఫోన్‌నే తీసుకుందాం. కెమెరా తెరవగానే పాట ఆగిపోతుంటే, నిమిషం క్రితం వదిలిన యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంటే కొరత ర్యామ్‌ది. అలాకాక ఫొటో సేవ్ కావడానికి, అప్‌డేట్ ఎక్కడానికి, చివరికి కీబోర్డు రావడానికి కూడా ఆలస్యమవుతుంటే స్టోరేజ్ చూడండి. ఒక జీబీయే మిగిలి ఉంటే దోషి దాదాపు దొరికినట్టే. ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక గది మొత్తం చెరిపాకే అందులో రాయాలి. ఖాళీ గదులు లేకపోతే, ఉన్న సమాచారాన్ని అటూ ఇటూ సర్దుకుంటూ ఫోన్ నీరసపడుతుంది.

కాబట్టి ఏడెనిమిది జీబీలైనా ఖాళీ చేయాలి. మన ఫోన్లలో వాట్సాప్‌తో మొదలుపెట్టడం మేలు. దాని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే పెద్ద ఫైళ్లు, పదే పదే ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. శుభోదయం వీడియోలు ఎంత చోటు మింగాయో అక్కడ తెలుస్తుంది.

అయినా నెమ్మదిగానే ఉంటే సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తును కాసేపు నొక్కి ఉంచితే ఆ మాట వస్తుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అప్పుడు ఫోన్ చురుగ్గా ఉంటే తప్పు ఏదో యాప్‌దే. ఈమధ్య వేసుకున్నవాటిని ఒక్కొక్కటిగా తీసేసి చూడాలి, రీసెట్ అక్కర్లేదు.

సేఫ్ మోడ్‌లోనూ, చోటు ఖాళీ చేశాకా అదే నత్తనడక అయితే, ముఖ్యంగా అది పెద్ద అప్‌డేట్ తర్వాత మొదలైతే, రీసెట్‌కు అర్థముంది. తీసేద్దామన్నా పోని హానికర యాప్ చేరినప్పుడు కూడా అంతే. కానీ రీసెట్‌తో ర్యామ్ పెరగదు, అరిగిన చిప్ కొత్తది కాదు, పాత ఆండ్రాయిడ్ వెర్షన్ తిరిగి రాదు.

చేసేముందు ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. ఓటీపీ కోడ్‌లు ఇచ్చే యాప్ ఉంటే దాన్ని మరో ఫోన్‌కు మార్చండి. గూగుల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. రీసెట్ అయ్యాక పాత ఖాతాను ఫోన్ అడగవచ్చు, చెప్పలేకపోతే లోపలికి రానివ్వదు. ఆ తర్వాత యాప్‌లన్నీ ఒకేసారి వేయకుండా, ముందు అవసరమైన నాలుగింటితో ఒకరోజు నడపండి. అప్పటికీ బిగుసుకుంటుంటే లోపం హార్డ్‌వేర్‌లో ఉన్నట్టే, మిగిలింది సర్వీస్ సెంటరే.