ప్లాస్టరింగ్ ఫోటో నున్నగా ఉంటే గోడ మట్టంగా ఉన్నట్టేనా?

ఇల్లు కట్టించేవాళ్లు ఇప్పుడు కాంట్రాక్టరును చాలావరకు ఫోటోలు చూసే ఎంచుకుంటున్నారు. ఊరికి దూరంగా, దేశానికి దూరంగా ఉన్నవాళ్లకు వేరే దారి కూడా లేదు. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది జగిత్యాలలో కట్టిస్తున్న ఇల్లు ప్లాస్టరింగ్ దాకా వచ్చింది. ఇద్దరు కాంట్రాక్టర్లు తాము వేరే ఇళ్లలో పూర్తి చేసిన హాలు గోడల ఫోటోలు పంపారు. ఆ రెండూ నాకు పంపి, "మొదటాయన గోడ అద్దం లెక్క ఉంది బావా, రెండో ఆయనది అలలు అలలుగా కనబడుతోంది. మొదటాయనకే ఇచ్చేద్దామా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోనే నాలుగు అపోహలున్నాయి. వాటిలో మొదటిదే అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది.

అపోహ: ఫోటోలో నీడలు లేని గోడ మట్టంగా ఉన్నట్టు, నీడలున్న గోడ ఎగుడుదిగుడుగా ఉన్నట్టు.

వాస్తవం: ఫోటోలో కనబడేది గోడ ఒక్కటే కాదు, దాని మీద వెలుతురు ఏ వైపు నుంచి పడిందో అది కూడా. గోడకు ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి తీస్తే, లేదా మధ్యాహ్నం తలుపులన్నీ తెరిచి హాలు నిండా వెలుతురున్నప్పుడు తీస్తే, ఎంత వంకర గోడైనా చదునుగానే కనబడుతుంది. అదే గోడను పక్క కిటికీలోంచి వెలుగు రాసుకుంటూ వచ్చే సాయంత్రం పూట తీస్తే ప్రతి ఉబ్బు, ప్రతి పల్లం బయటపడతాయి.

తేడా ఎంతో ఒక లెక్క చూడండి. గోడలో ఒకచోట ఒక్క డిగ్రీ వంపు ఉందనుకుందాం. అంటే సుమారు 17 సెంటీమీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్లు లేవడం. వెలుగు గోడ మీద 45 డిగ్రీల కోణంలో పడుతుంటే ఆ వంపు దగ్గర వెలుతురులో వచ్చే తేడా 2 శాతం లోపే. కంటికి ఆనదు. వెలుగు గోడను ఆనుకుని 5 డిగ్రీల కోణంలో వస్తే అదే వంపు దగ్గర తేడా దాదాపు 20 శాతం ఉంటుంది. గోడ మారలేదు, వంపు మారలేదు, దీపం జరిగింది అంతే.

మా బావమరిదికి వచ్చిన ఫోటోల్లో జరిగింది ఇదే. మొదటి ఫోటో ఎదురు వెలుతురులో తీసింది. రెండోదానిలో ఎడమ పక్కన కిటికీ ఉంది, వెలుగంతా అక్కడి నుంచే వస్తోంది. కాబట్టి అలలు కనిపించిన గోడే ఎక్కువ మట్టంగా ఉండే అవకాశం కూడా ఉంది. ఈ రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

ఇది ఫోటో వరకే ఆగే సంగతి కాదని గుర్తుంచుకోవాలి. రేపు రంగు వేశాక ఫాల్స్ సీలింగ్ అంచుల్లో స్ట్రిప్ లైట్లు పెడతారు, గోడకు దగ్గరగా స్పాట్ లైట్లు పెడతారు. అవన్నీ గోడను రాసుకుంటూ పడే వెలుగులే. మెరుపున్న రంగైతే ఇంకా ఎక్కువ పట్టిస్తుంది. ప్లాస్టరింగ్ నాడు దాగిన వంకర గృహప్రవేశం రాత్రి లైట్లు వేయగానే కనబడుతుంది.

అపోహ: ఎంత నున్నగా ఉంటే అంత మంచి పని.

వాస్తవం: మొదట, ఆ ఫోటోలో ఉన్నది ప్లాస్టరేనా, లప్పం పెట్టిన గోడా అని చూడాలి. మొదటి కాంట్రాక్టరు ఫోటోలో గోడ తెల్లగా ఉంది. అంటే మనం చూస్తున్నది పెయింటర్ పనితనం, మేస్త్రీ పనితనం కాదు. లప్పం తాపీ గీతల్ని, ఇసుక గరుకును, చిన్న గుంటల్ని కప్పుతుంది. గోడ పొడవునా ఉన్న ఉబ్బును అది కప్పలేదు, ఆ ఉబ్బు మీదే పలచగా పరుచుకుంటుంది. రెండో ఫోటోలోది బూడిద రంగు పచ్చి ప్లాస్టర్, స్పాంజితో ఫినిషింగ్ చేసింది. రెండు వేర్వేరు దశల్లో ఉన్న గోడల్ని నున్నదనంలో పోటీ పెట్టకూడదు.

ఇక ప్లాస్టర్ నిజంగానే నున్నగా మెరుస్తుంటే సంతోషించే ముందు ఆలోచించాలి. లప్పం, రంగు వేయబోయే గోడకు స్పాంజి ఫినిషింగే సరైనది. ఆ కాస్త గరుకు ఉంటేనే లప్పం పట్టుకుంటుంది. మెరుపు కోసం పైన పొడి సిమెంటు చల్లి ఇనుప తాపీతో పదేపదే రుద్దితే సిమెంటు పాలు పైకి తేలి, సిమెంటు ఎక్కువ, ఇసుక తక్కువ ఉన్న పలుచని పొర ఏర్పడుతుంది. ఆరేటప్పుడు ఆ పై పొర లోపలి పొరకంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. ఫలితంగా సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి, లప్పం పొరలుగా లేస్తుంది. పని అయిన రోజు తీసిన ఫోటోలో ఇవేవీ ఉండవు. తడిగా ఉన్న గోడ ముదురు రంగులో ఒకే తీరుగా కనిపిస్తుంది. అందుకే ఫోటో ఎప్పుడు తీశారన్నది అడగాల్సిన ప్రశ్న. వారం రోజులు నీళ్లు కొట్టి, ఆ తర్వాత కనీసం రెండు మూడు వారాలు ఆరిన గోడ ఫోటో కావాలి.

ఫోన్ కూడా నున్నదనాన్ని పెంచుతుంది. తక్కువ వెలుతురులో కెమెరా తనంతట తానే చుక్కల్ని, గరుకును చెరిపేస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సైజు తగ్గి, వెంట్రుకంత పగుళ్లు మాయమవుతాయి. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమంటే ఈ రెండో ఇబ్బంది తీరుతుంది.

అపోహ: గోడ గుండుకు ఉందో లేదో, మూల మట్టానికి ఉందో లేదో ఫోటోలోనే తెలుస్తుంది.

వాస్తవం: చాలాసార్లు తెలియదు. ఫోన్ కాస్త పైకి వంచితే నిటారు గోడలు కూడా పైకి పోయేకొద్దీ దగ్గరపడినట్టు కనబడతాయి. చిన్న గదంతా పట్టాలని `0.5x` పెడితే అంచుల్లో గీతలు వంగుతాయి. ఒక తేడా మాత్రం గుర్తుపట్టవచ్చు. కెమెరా వంపు వల్లైతే తలుపు చట్రం, కిటికీ చట్రం, గది మూలలు అన్నీ ఒక క్రమంలో లోపలికి వాలతాయి. పక్కపక్కనే ఉన్న చట్రం ఒక దారిన, గోడ మూల ఇంకో దారిన పోతుంటే లోపం ఆ రెంటిలో ఒకదానిది. తలుపు చట్రం పక్కన ప్లాస్టర్ అంచు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉందంటే చట్రమో గోడో తూకం తప్పింది. ఏది తప్పిందో చెప్పడానికి గుండు వేలాడదీయాల్సిందే.

సరైన పోలికకు ఏమి అడగాలి

ఆ ఇద్దరికీ ఒకే మాట చెప్పించాం. మీరు చేసిన ఇంట్లో లప్పం పెట్టని, బాగా ఆరిన గోడ ఒకటి చూడండి. రాత్రి ట్యూబ్‌లైట్లు ఆపి, ఒక్క ఎల్‌ఈడీ దీపాన్ని గోడ ఒక చివర, గోడకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని ఎదురు నుంచి ఒక ఫోటో తీయండి. తర్వాత ఆరడుగుల అల్యూమినియం పట్టీని గోడకు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఆనించి, పట్టీ వెనక నుంచి వెలుగు వచ్చేలా తీయండి. స్విచ్ బోర్డు పెట్టె చుట్టూ, స్లాబు దూలం కింద గోడ కలిసేచోట దగ్గరి ఫోటోలు కావాలి.

పట్టీ ఫోటో అన్నిటికంటే విలువైనది. పట్టీకి, గోడకు మధ్య వెలుగు గీత కనబడినచోట సందు ఉన్నట్టు. ఆ సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదన్నది నేను పెట్టుకునే హద్దు. రూపాయి బిళ్లలు రెండు ఒకదానిమీద ఒకటి పేర్చితే దాదాపు అంత మందం. అవి దూరేంత సందు ఉంటే గోడ మళ్లీ చూసుకోవాలి.

మొదటాయన ఫోటోలు వచ్చాక, అద్దంలాంటి పని చేసే మేస్త్రీ గోడ మీద ఛాతీ ఎత్తున ఒక చివర నుంచి ఇంకో చివర దాకా అడ్డంగా ఉబ్బిన పట్టీ కనిపించింది. పరంజా మీద నిలబడి పై భాగం ఒక రోజు, కింది భాగం మరో రోజు చేసినప్పుడు వచ్చే అతుకు అది. ముందుగా గోడంతటికీ పై నుంచి కింద దాకా గుండు వేసి, మందం తెలిసేలా బటన్లు పెట్టుకుని, వాటి మధ్య పట్టీ లాగితే ఆ అతుకు ఉబ్బదు. ఆ పని జరగలేదని గోడే చెబుతోంది. నిలువుగా పట్టీ పెట్టినచోట బిళ్లలు రెండూ సులువుగా దూరాయి.

రెండో ఆయన గోడ మీద ఇసుక గరుకు ఒకే తీరున ఉంది. అలలు కిటికీ చట్రం పక్కన అడుగు మేరకే ఉన్నాయి. చట్రం కొద్దిగా లోపలికి బిగించడంతో ప్లాస్టర్‌ను దానికి కలపడానికి అక్కడ ఏటవాలు తెచ్చారు. స్విచ్ పెట్టెల చుట్టూ అంచులు పదునుగా కోసి ఉన్నాయి. అయితే ఆయన పనిలోనూ ఒక లోపం దొరికింది. దూలం కింద గోడ కలిసేచోట గీత గీసినట్టు అడ్డంగా పగులు ఉంది. కాంక్రీటు, ఇటుక ఎండకు, తేమకు ఒకే తీరున కదలవు. ఆ కలిసేచోట అడుగు వెడల్పు చికెన్ మెష్ బిగించి దాని మీద ప్లాస్టర్ చేయాలి. మెష్ వేయనిచోట ఆ పగులు వస్తుంది, లప్పంతో మూసినా మళ్లీ తెరుచుకుంటుంది.

అపోహ: రంగు మచ్చలున్న ప్లాస్టర్ నాసిరకం.

వాస్తవం: ఇసుక లోడు మారినా, ఒక భాగం ముందు ఆరినా రంగు మారుతుంది. రోబో ఇసుకతో చేసినది, వాగు ఇసుకతో చేసినది ఒకే రంగులో ఉండవు. పట్టించుకోవాల్సింది తెల్లగా పేరుకున్న ఉప్పు పొడిని, ఆరకుండా మిగిలిన చెమ్మ మరకలను.

ఫోటో ఏ విధంగానూ చెప్పలేని సంగతి ఒకటుంది. ప్లాస్టర్ ఇటుకను పట్టుకుందా, లోపల డొల్లగా ఉందా అన్నది. ఇటుక గోడను తడపకుండా, కాంక్రీటు దూలాన్ని చెక్కకుండా పూసేస్తే పై నుంచి ఎంత అందంగా ఉన్నా కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. ఇది చెవికే తెలుస్తుంది. అందుకే మా మామయ్య రెండో కాంట్రాక్టరు చేసిన ఇంటికి స్వయంగా వెళ్లి, చిన్న కర్రతో గోడ మీద జానెడు జానెడు దూరంలో తట్టి చూశారు. గట్టిగా మోగినచోట్ల పట్టు ఉంది. డొల్ల శబ్దం ఒక్క మెట్ల పక్క గోడ మీద అరచేయంత మేర వచ్చింది.

పని రెండో ఆయనకే ఇచ్చారు. ఒప్పంద కాగితంలో మూడు మాటలు రాయించారు. కాంక్రీటు, ఇటుక కలిసే ప్రతిచోటా మెష్ వేయాలి. లోపలి గోడల ప్లాస్టర్ 12 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 20 దాటాల్సి వస్తే రెండు పూతలుగా వేయాలి. లప్పం మొదలుపెట్టే ముందు ప్రతి గదికీ రాత్రి దీపం ఫోటో, పట్టీ ఫోటో పంపాలి, అవి చూశాకే చివరి వాయిదా డబ్బు.