చుయ్‌మన్నది పెనమా, పిండా?

పోత ఇనుప దోసె పెనం కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ప్రతి పెనం కిందా దాదాపు ఇవే మాటలు కనిపిస్తాయి. “అత్యుత్తమ నాణ్యత. అమ్మ చేతి రుచి. మీ వంటింటికి తరగని అందం.” ఈ మూడు ముక్కల్నీ తీసుకెళ్లి ప్రెషర్ కుక్కర్ ఫొటో కింద పెట్టండి, మిక్సీ కింద పెట్టండి. ఎక్కడైనా అతుకుతాయి. అంటే పెనం గురించి అవి చెప్పిందేమీ లేదన్నమాట.

ఈ సంగతి గ్రహించిన కొందరు అమ్మకందార్లు విశేషణాలు మానేసి రుచీ వాసనా పట్టుకున్నారు. “కరకరలాడే దోసె, నోరూరించే కమ్మటి వాసన” అని రాస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది కానీ ఇదీ ఉత్త పొగడ్తే. ఆ కమ్మటి వాసన పులిసిన పిండిదీ, పైన వేసిన నేతిదీ. అదే పిండి నాన్‌స్టిక్ మీద పోసినా వాసన వస్తుంది. చెవికో ముక్కుకో తగిలే మాట రాయబోయే ముందు, అది పెనం వల్ల పుట్టిందా, పిండి వల్లా అని చూసుకోవాలి.

మరి పెనం వల్ల పుట్టేవేమిటి? పోత ఇనుము అల్యూమినియం కంటే చాలా నిదానంగా వేడెక్కుతుంది. మందం, బరువు ఎక్కువ కాబట్టి వేడెక్కాక అంత తొందరగా చల్లారదు. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ రెండూ కంటికీ చెవికీ తెలుస్తాయి. నీళ్లు చిలకరిస్తే చప్పుడు లేకుండా మెల్లగా ఆరిపోయాయంటే ఇంకా ఆగాలి. చుయ్‌మని ఇగిరిపోతే పిండి పోయొచ్చు. చుక్కలు ఇగిరిపోకుండా పూసల్లా దొర్లాయంటే పెనం మరీ కాలిపోయింది. అప్పుడు పిండి పోస్తే గరిటెతో తిప్పేలోపే గట్టిపడి, పరుచుకోకుండా గరిటె వెంట ఉండలుగా లేచి వస్తుంది. మంట తగ్గించి, కాసిని నీళ్లు చల్లి, తడిబట్టతో తుడిచి మళ్లీ పోయాలి. అల్యూమినియం పెనం మీదా నీళ్లు చుయ్‌మంటాయి, నిజమే. అక్కడిదాకా రావడానికి పట్టే సమయంలోనూ, వచ్చాక ఆ వేడి నిలవడంలోనూ ఉంది తేడా.

సందర్భం చెప్పడంలోనూ ఇదే తంతు. “ఆదివారం ఉదయం కుటుంబమంతా నవ్వుతూ టిఫిన్ చేసే వేళ” అన్న వాక్యంలో పెనానికి పనే లేదు. నలుగురికి వరసగా దోసెలు పోస్తుంటే, చల్లటి పిండి పడ్డప్పుడల్లా పెనం మళ్లీ కాలేదాకా ఎదురు చూడాలా వద్దా? కొనేవాళ్లు తెలుసుకోవాలనుకునేది అదీ.

ఇదంతా కలిపి 12 అంగుళాల పెనానికి వివరణ ఇలా రాయొచ్చు:

“ఈ పెనం సుమారు రెండున్నర కిలోలు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఒంటి చేత్తో ఎత్తడం కష్టం. మధ్యస్థమైన మంట మీద కాసేపు కాలనివ్వండి. చిలకరించిన నీళ్లు చుయ్‌మని ఇగిరిపోయాక పిండి పోయండి. ఒకసారి కాలాక, వరసగా దోసెలు పోస్తున్నా తొందరగా చల్లారదు. చిన్న బర్నర్ మీద దోసె మధ్యలో ఎర్రబడి అంచులు తెల్లగా ఉండిపోతాయి, పెద్ద బర్నర్ వాడండి. మొదటి రెండు మూడు దోసెలు అంటుకోవచ్చు. పిడి కూడా కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.”

అంచుల సంగతి ఎందుకు రాశానంటే, “అంతటా సమానంగా వేడెక్కుతుంది” అన్నది పోత ఇనుము గురించి తరచుగా రాసే అబద్ధం. నిదానంగా వేడిని పాకించే లోహం చిన్న మంట మీద సమానంగా ఎలా కాలుతుంది?

దుకాణం యజమాని మొట్టమొదట కొట్టేయమనేది “అంటుకోవచ్చు” అన్న మాటని. నేనైతే ఉంచమంటాను. ఇనుప పెనానికి దోసె అంటుకోకుండా చేసేది, నూనె రాసి కాల్చగా కాల్చగా గట్టిపడ్డ నల్లటి పొర. కొత్త పెనం మీద అది పల్చగా ఉంటుంది. ఈ సంగతి చెప్పకపోతే, మొదటి దోసె అంటుకోగానే కొన్నావిడ స్టీలు పీచుతో బరబరా తోమి, రాత్రంతా సింకులో నానబెడుతుంది. తెల్లారేసరికి తుప్పు. సాయంత్రానికి ఒక్క స్టార్ రేటింగు.

చేదు సంగతులకూ రంగూ రుచీ ఉంటాయి, వాటినీ రాయాలి. “పుల్లటి వంటకాలకు అనువు కాదు” అంటే ఎవరికీ ఎక్కదు. “చింతపండు పులుసు కాస్తే పొర ఊడిపోతుంది, పులుసు నల్లబడి ఇనుప రుచి కొడుతుంది” అంటే ఇక ఎవరూ పెనం మీద పులుసు పెట్టరు.

ఇలా రాయాలంటే రాసేవాళ్లు ఆ పెనం మీద దోసెలు పోసి ఉండాలి. చేతికి ఫొటో మాత్రమే వస్తే వెడల్పు, మందం, బరువు, ఇండక్షన్ మీద పనిచేస్తుందా లేదా రాసి ఆపేయడమే మేలు.