పది హెర్ట్జ్‌ల తేడా పట్టేస్తుంది
నాణెం ఎక్కడుందో చెప్పేది రెండు శ్రుతుల మధ్య వ్యత్యాసమే. ఎండ వేడీ అలాంటి తేడానే తెస్తుంది

ఘజియాబాద్‌ను ఢిల్లీతో కలుపుతూ 2011 జులైలో తెరుచుకున్న వైశాలి మెట్రో స్టేషన్‌లో ఉదయం పూట క్యూ ఒక్క 'బీప్' దగ్గర ఆగిపోతుంది. జేబులో ఉన్నది నాణెమా, తాళంచెవా, బెల్టు బకిలా? ఆ శబ్దం చెప్పదు. అందుకే ఆ తర్వాత చేత్తో తడిమి చూస్తారు.

భద్రతా పరికరాలన్నీ ఒకే పద్ధతిలో పనిచేయవు. వాటన్నిటిలోకీ సులభంగా అర్థమయ్యేది, విద్యార్థులు సొంతంగా తయారుచేసుకోగలిగేది తీగచుట్ట ఆసిలేటర్. తీగచుట్టకు కెపాసిటర్ జోడిస్తే ఆ వలయం ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీతో డోలనం చెందుతుంది. చుట్ట ఇండక్టెన్స్ తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం దగ్గరికొస్తే వాటిలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని ఎదిరిస్తాయి. దాంతో ఇండక్టెన్స్ తగ్గుతుంది. చిన్న ఇనుప మేకు సాధారణంగా దాన్ని పెంచుతుంది. వెడల్పాటి ఇనుప రేకు మాత్రం సుడి ప్రవాహాల వల్ల రాగిలాగే ప్రవర్తించి మోసం చేయవచ్చు.

మార్పు ఎంత? ఆసిలేటర్ లక్ష హెర్ట్జ్‌ల వద్ద పనిచేస్తోందనుకుందాం. నాణెం వల్ల ఇండక్టెన్స్ పదివేలకు రెండు వంతులు తగ్గితే, ఫ్రీక్వెన్సీ అందులో సగం, అంటే పదివేలకు ఒక వంతు పెరుగుతుంది. అది పది హెర్ట్జ్‌లే. పైగా ఇరవై వేల హెర్ట్జ్‌లు దాటిన శబ్దం మనిషి చెవికి అందదు.

కిటుకు ఇక్కడే ఉంది. 99,900 హెర్ట్జ్‌ల వద్ద స్థిరంగా ఉండే రెండో ఆసిలేటర్‌ను పెట్టి, రెండు సంకేతాలనూ కలుపుతారు. వాటి తేడా 100 హెర్ట్జ్‌ల శ్రుతిగా వినిపిస్తుంది. నాణెం రాగానే అది 110 అవుతుంది. లక్షలో పది కనిపించదు కానీ, వందలో పది చెవికి తెలిసిపోతుంది. అయితే రెండు ఫ్రీక్వెన్సీలను మరీ దగ్గరగా తెస్తే ఒకటి మరొకదాన్ని తన వైపు లాక్కుంటుంది. అప్పుడు శ్రుతే ఉండదు.

అసలు చిక్కు ఎండతో. కెపాసిటర్ విలువ డిగ్రీకి పదివేలకు ఒక వంతు మారేదైతే, ఫ్రీక్వెన్సీ డిగ్రీకి ఐదు హెర్ట్జ్‌లు జరుగుతుంది. అంటే రెండు డిగ్రీల వేడి ఒక నాణెంతో సమానం. ఏసీ గదిలో సరిచేసిన పరికరాన్ని వైశాలి మే నెల ఎండలోకి తెస్తే లేని లోహాన్ని చూపుతుంది. తేడా కనిపెట్టడం తేలికే. చుట్టను పక్కకు జరిపితే నాణెం తెచ్చిన మార్పు పోతుంది, వేడి తెచ్చిన మార్పు పోదు.

చెయ్యి దగ్గరికొచ్చినా కెపాసిటెన్స్ పెరిగి శ్రుతి మారుతుంది. దీన్ని ఆపేందుకు చుట్టకు అల్యూమినియం రేకు చుట్టి ఎర్త్‌కు కలుపుతారు. రేకు రెండు కొసలూ తాకకుండా సందు వదలాలి. లేకపోతే అదే మూసుకున్న వలయమై చుట్ట శక్తిని మింగేస్తుంది.

ఇంత చేసినా అది చెప్పేది 'లోహం ఉంది' అన్న ఒక్క మాటే. లోహం లేని పేలుడు పదార్థం ముందు దాని శ్రుతి మారదు. మౌనం భద్రతకు హామీ కాదు.